‘కరిగించబడాలి’ని ‘కలపండి’గా మార్చడం ఎలా?

“అనువాదం చేశాను. పదాలన్నీ తెలుగే, వ్యాకరణం తప్పు కూడా లేదు. కానీ చదువుతుంటే ఏదోలా ఉంది. ఎక్కడ తప్పో చెప్పండి.” వారానికి ఒకరైనా నన్ను ఇలా అడుగుతారు. పంపిన కాగితం ఆసుపత్రి కరపత్రమో, బడి సర్క్యులరో, అపార్టుమెంటు నోటీసో అయి ఉంటుంది. ఏది పంపినా జబ్బు మాత్రం దాదాపు ఒకటే. మాటలు తెలుగువి, వాక్యం ఇంగ్లిష్‌ది. కొన్నేళ్లు పత్రిక డెస్కులో ఏజెన్సీ వార్తలు తెలుగు చేస్తూ నేనూ ఇవే తప్పులు చేశాను. ఒక్కో వాక్యానికి విడిగా జవాబు రాసేకంటే, నేను దిద్దే వరుస మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

కావలసినవి

అనువాదం ప్రింటు, ఒక పెన్సిలు, ఇంగ్లిష్ మూలం (మొదట దాన్ని బోర్లించి పెట్టండి), మాట రికార్డు చేసుకునే ఫోను. ఇవి కాక ఇంగ్లిష్ మూలం చూడని మనిషి ఒకరు కావాలి. అమ్మ, పక్కింటి పిన్నిగారు, వాచ్‌మన్... ఎవరైనా ఫర్వాలేదు. ఆ మనిషితో పని చివర్లో పడుతుంది.

1. మూలం మూసేసి పైకి చదవండి

కళ్లతో చదివితే తప్పు దొరకదు. ఇంగ్లిష్ వాక్యం మీ తలలో ఇంకా తిరుగుతూ ఉంటుంది కాబట్టి తెలుగు ఎలా ఉన్నా అర్థమైపోతుంది. అందుకే ఫోనులో రికార్డు చేస్తూ పైకి చదవండి. ఊపిరి అందని చోట, నాలుక తడబడిన చోట, మళ్లీ వెనక్కి వెళ్లి చదివిన చోట పెన్సిలుతో గీత పెట్టండి. ఇంకా ఏమీ దిద్దకండి. వీలైతే ఈ పని మర్నాడు పొద్దున చేయండి. రాసిన రోజునే చదివితే గీతలు సగమే పడతాయి.

2. ‘బడు’ని పట్టుకోండి

గీతలు పడిన చోట్లలో ఎక్కువ భాగం చేయబడింది, ఇవ్వబడును, ఉపయోగించబడాలి లాంటివే ఉంటాయి. కంప్యూటర్లో ‘బడ’ అని వెతికితే అన్నీ ఒకేసారి దొరుకుతాయి. అయితే దొరికినవన్నీ మార్చేసే మీట మాత్రం నొక్కకండి. బడి, బడ్జెట్, పెట్టుబడి, దిగుబడి కూడా ఆ వలలో పడతాయి. కనబడు, వినబడు, నిలబడు, తడబడు అచ్చమైన తెలుగు మాటలే, వాటి జోలికి వెళ్లొద్దు.

మిగిలిన ప్రతి ‘బడు’ దగ్గరా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పని ఎవరు చేశారు? జవాబును బట్టి నాలుగు దారులున్నాయి.

చేసినవాళ్లు ఎవరో వాక్యంలోనే ఉంటే వాళ్లను ముందుకు తెండి. “ఈ వంతెన కలెక్టరు చేత ప్రారంభించబడింది” అన్నది “ఈ వంతెనను కలెక్టరు ప్రారంభించారు” అవుతుంది. వార్త వంతెన గురించి కదా, కలెక్టరును ముందుకు తెస్తే ఎలా అని కొందరు అడుగుతారు. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. వంతెనకు ‘ను’ చేర్చి మొదట్లోనే ఉంచవచ్చు. కర్మను ముందు పెట్టడానికి ఇంగ్లిష్ క్రియనే మార్చాలి, మనకు ఒక్క విభక్తి చాలు.

చేసినవాళ్లు ఎవరైనా ఒకటే అనుకున్న చోట కర్త లేకుండా ‘చేశారు’ అనేయండి. “మూడు ఇళ్లు కూల్చివేయబడ్డాయి” అని ఎవరూ అనరు, “మూడిళ్లు కూల్చేశారు” అంటారు. “కొత్త రోడ్డు వేశారు”, “కరెంటు తీసేశారు”, “నీళ్లు వదిలారు” అని రోజూ అనుకునే మాటలన్నీ ఇలాంటివే. ఎవరు అని అడిగేవాళ్లుండరు.

ఇక్కడొక ప్రమాదం ఉంది. “దొంగలు గోడ దూకి పారిపోయారు. ఇంటికి సీలు వేశారు.” ఇది చదివితే దొంగలే సీలు వేసి పోయినట్టుంది. ముందు వాక్యంలో బహువచనంలో మనుషులు ఉంటే, కర్త లేని ‘వేశారు’ వాళ్లకే అతుక్కుంటుంది. అలాంటప్పుడు “పోలీసులు ఇంటికి సీలు వేశారు” అని కర్తను రాసెయ్యాలి. డెస్కులో నేను తిన్న చీవాట్లలో ఒకటి సరిగ్గా ఇలాంటి వాక్యానికే.

ఎవరూ చేయకుండా దానంతట అదే జరిగితే, తెలుగులో దానికి వేరే క్రియ సిద్ధంగా ఉంటుంది. విరవడం వేరు, విరగడం వేరు. కాల్చడం వేరు, కాలడం వేరు. “గాలివానకు చెట్టు విరగ్గొట్టబడింది” కాదు, “చెట్టు విరిగింది”. ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాల్సినది తలుపు లాంటి వాక్యం. “తలుపు తెరవబడింది” అన్నదాన్ని మూడు రకాలుగా దిద్దవచ్చు, మూడింటికీ అర్థాలు వేరు. ఎవరో తీస్తే “తలుపు తెరిచారు”. గాలికి తీసుకుంటే “తలుపు తెరుచుకుంది”. మీరు వెళ్లేసరికే తీసి ఉంటే “తలుపు తెరిచి ఉంది”. ఏది సరైనదో తెలుగు వాక్యం చూసి తేల్చలేరు, మూలంలో ముందూ వెనకా చదవాలి. ‘బడింది’ వల్ల జరిగే అసలు నష్టం కూడా ఇదే. వినడానికి ఎబ్బెట్టుగా ఉండటం ఒక్కటే కాదు, మూడు సంగతులను కలిపి ముద్ద చేసేస్తుంది.

ఇక నాలుగోది, చదివేవాళ్లే చేయాల్సిన పని. దానికి ‘కలపండి’, ‘రాయండి’, ‘తీసుకురండి’ అంటే చాలు. కొంచెం బిగువు కావాలంటే ‘కలపాలి’. గోడమీద బోర్డయితే ‘వాహనాలు నిలపరాదు’ లాంటి పాత వరస ఇప్పటికీ బాగానే నడుస్తుంది. దాన్ని ఇంకా వాడుకకు తేవాలని చూడకండి, బోర్డు భాషకు ఆ గాంభీర్యం సరిపోతుంది.

3. ‘కలిగి ఉంది’ని విప్పండి

ఇంగ్లిష్‌లో జ్వరం వచ్చినా, చెల్లెలు ఉన్నా, జేబులో చిల్లర ఉన్నా ఒకే క్రియ. తెలుగులో మూడు వేరు వేరు. ‘కలిగి ఉంది’ కనిపించగానే ఏది కలిగి ఉందో చూడండి.

బంధుత్వం, జబ్బు, గుణం అయితే ‘కు’ వస్తుంది: నాకు ఇద్దరు అక్కలు, ఆమెకు జ్వరంగా ఉంది, వాడికి ఓపిక తక్కువ. చోటులో ఉండేవైతే ‘లో’: “ఈ ఆసుపత్రి వంద పడకలను కలిగి ఉంది” అన్నది “ఈ ఆసుపత్రిలో వంద పడకలున్నాయి” అవుతుంది. చేతిలోనో జేబులోనో ఉండేవైతే ‘దగ్గర’: నా దగ్గర చిల్లర లేదు.

నామవాచకానికి ముందు వస్తే ‘ఉన్న’ సరిపోతుంది. “మధుమేహాన్ని కలిగి ఉన్న వ్యక్తులు” అంటే “షుగర్ ఉన్నవాళ్లు”, అంతే. ఇక ‘సందేహం కలిగింది’, ‘ఆశ కలిగింది’ అన్నవి మన మాటలే. వాటిని కూడా తీసేస్తే చెట్టు కొమ్మకు బదులు కాలు నరుక్కున్నట్టే.

4. ఏదైతే... అది, ఎవరైతే... వారు

ఇంగ్లిష్ ముందు మనిషిని చెప్పి, వివరం వెనక తగిలిస్తుంది. తెలుగు వివరమంతా ముందే చెప్పి మనిషి దగ్గర ఆగుతుంది. “ఏ మందునైతే మీరు నిన్న కొన్నారో అది” అని తిప్పక్కర్లేదు, “మీరు నిన్న కొన్న మందు” అంటే చాలు. “ఎప్పుడైతే వాంతి అవుతుందో అప్పుడు” అంటే “వాంతి అయితే”.

ఈ ఏ-ఆ జంటలు మనకు లేవని కాదు. ఎంత చెట్టుకు అంత గాలి, ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారు. సామెతల్లో ఆ తూకం అందం. కరపత్రంలో అది బరువు.

అయితే వివరాన్ని ముందుకు తేవడంలో రెండు గుంటలున్నాయి. మొదటిది పొడవు. “డాక్టరు చీటీ రాసిచ్చిన, వీధి చివర కొట్లో దొరికే, భోజనం తర్వాత వేసుకోవాల్సిన మాత్రలు” అనేసరికి మాత్రల దాకా రాకముందే చదివేవాళ్లు అలసిపోతారు. రెండు వివరాలు దాటితే వాక్యం విరిచేయండి: “డాక్టరు రాసిచ్చిన మాత్రలు వీధి చివర కొట్లో దొరుకుతాయి. భోజనం చేశాక వేసుకోండి.” రెండోది సందిగ్ధం. “చనిపోయిన రైతు కొడుకు” అంటే పోయింది తండ్రా, కొడుకా? వార్తలో ఇలాంటిది అచ్చయితే ఒక కుటుంబం మనసు కష్టపెట్టినట్టే. “రైతు చనిపోయాడు. ఆయన కొడుకు...” అని రెండుగా రాయండి.

5. చిల్లర ఏరివేత

వీటికి ఎక్కువ సమయం పెట్టొద్దు. ‘యొక్క’ దాదాపు ఎప్పుడూ తీసేయవచ్చు: రాము యొక్క ఇల్లు అంటే రాము ఇల్లే. ‘మరియు’ బదులు కామా పెట్టండి, లేదా చివరి అచ్చు సాగదీయండి (ఉప్పూ, పంచదారా), లేదా మొదటి క్రియను ‘కలిపి’, ‘ఆగి’ అని మార్చండి. “ఆయన ఒక డాక్టరు” అన్నచోట ‘ఒక’ అక్కర్లేదు. కథలో ‘ఒక ఊళ్లో ఒక రాజు’ అన్నప్పుడు కావాలి, లెక్క చెప్పేటప్పుడు తప్పనిసరిగా కావాలి. ‘అతను తన’, ‘ఆమె ఆమె యొక్క’ అంటూ ప్రతి వాక్యంలో సర్వనామం రానక్కర్లేదు. ఎవరి గురించో ఒకసారి తెలిశాక క్రియ చివరే ఆ సంగతి చెబుతుంది.

ఒక కరపత్రం, మొదటి నుంచి చివరి దాకా

ఈమధ్య నా దగ్గరకు వచ్చిన ఒక కరపత్రం ఇలా ఉంది. విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్ ఇవ్వడం గురించి:

> ఓఆర్‌ఎస్ యొక్క ఒక ప్యాకెట్ ఒక లీటరు శుభ్రమైన తాగునీటిలో కరిగించబడాలి మరియు ఏదైతే ద్రావణం 24 గంటల తర్వాత మిగిలి ఉంటుందో అది పారవేయబడాలి. ఏ పిల్లలైతే రెండు సంవత్సరాల కంటే తక్కువ వయస్సును కలిగి ఉన్నారో వారు ప్రతి వదులు మలం తర్వాత 50 నుండి 100 మిల్లీలీటర్లు ఇవ్వబడాలి. పది నిమిషాలు వేచి ఉండండి ఒకవేళ మీ బిడ్డ వాంతి చేస్తే, మరియు తర్వాత మరింత నెమ్మదిగా ఇవ్వడాన్ని కొనసాగించండి. తల్లిపాలు వైద్యుని చేత సలహా ఇవ్వబడకపోతే ఆపబడకూడదు.

మొదటి వాక్యం. చేసేది తల్లి, అంటే చదివే మనిషే. కాబట్టి ‘కలపండి’. ‘ద్రావణం’ అని ఇంట్లో ఎవరూ అనరు, ‘ఓఆర్‌ఎస్ నీళ్లు’ అంటారు. ‘ఒక ప్యాకెట్’లో ‘ఒక’ తీసేయబోయి ఆగాను. ఇది అలంకారానికి వచ్చిన ‘ఒక’ కాదు, లెక్క. రెండు ప్యాకెట్లు కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ముప్పు. ఇంకో సంగతి కూడా తట్టింది. మందుల షాపుల్లో 200 మి.లీ. నీళ్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉంటాయి. అవి కొని లీటరు నీళ్లలో కలిపితే పలచనైపోతుంది. మూలంలో లేని మాట నాకు నేను చేర్చకూడదు కాబట్టి, రాయించినవాళ్లను అడిగి ‘లీటరు ప్యాకెట్’ అని పెట్టాను.

రెండో వాక్యం అన్నిటికన్నా ఘోరం. “పిల్లలు... 50 నుండి 100 మిల్లీలీటర్లు ఇవ్వబడాలి” అంటే ఎవరు ఎవరికి ఏమిస్తున్నట్టు? పిల్లల్నే ఎవరికో ఇచ్చేస్తున్నట్టుంది. ఇంగ్లిష్‌లో పుచ్చుకునేవాళ్లు కర్త స్థానంలో కూర్చోవచ్చు. తెలుగులో వాళ్లకు ‘కు’ తప్పదు. వయసు కోసం పడ్డ పాటంతా ‘రెండేళ్లలోపు’ అన్న ఒక్క మాటతో తీరిపోయింది. ‘వదులు మలం’ చదివి నవ్వాను, తర్వాత నవ్వు రాలేదు. దాన్ని చదివిన తల్లికి ఏమర్థమవుతుంది? మన మాట ‘నీళ్ల విరేచనం’.

మూడోదానిలో ‘వాంతి చేస్తే’ అన్న షరతు వెనక్కి పోయింది. తెలుగులో షరతు ముందు, చేయాల్సిన పని తర్వాత. ముందే ‘వేచి ఉండండి’ అని చదివిన మనిషి ఓఆర్‌ఎస్ పట్టడానికే పది నిమిషాలు ఆగుతుంది.

చివరిది అర్థమే తలకిందులయ్యేంత మెలి. డాక్టరు సలహా ఇవ్వకపోతే ఆపకూడదట. రెండు ‘కాదు’లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ‘తప్ప’ అన్న మాట ఉన్నది ఇందుకే. పైగా మానవద్దు అనడంతో ఆగకుండా, ఏం చేయాలో చెబితే ఇంకా తేలిక.

దిద్దాక ఇలా వచ్చింది:

> ఒక లీటరు శుభ్రమైన తాగే నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్ పూర్తిగా కలపండి. 24 గంటలు దాటాక మిగిలిన నీళ్లు పారబోయండి. రెండేళ్లలోపు పిల్లలకు నీళ్ల విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ. తాగించండి. బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ ఇంకాస్త నెమ్మదిగా తాగించండి. తల్లిపాలు ఇస్తూనే ఉండండి. డాక్టరు ఆపమంటే తప్ప మానవద్దు.

‘పూర్తిగా’ అన్నది ‘కరిగించు’లో ఉన్న అర్థమే. ‘కలపండి’ అనేసరికి అది జారిపోతుంది కాబట్టి చేర్చాను.

6. ఇప్పుడు మూలం తిరగేయండి

దిద్దినది హాయిగా ఉందంటే అసలు భయం అప్పుడే మొదలవ్వాలి. చదవడానికి తేలికైన వాక్యంలో ఏదో పడిపోయి ఉండొచ్చు. పై కరపత్రంలో నేను మొదట ‘మంచినీళ్లలో’ అని రాశాను. ఎంత సహజంగా ఉందో అనుకున్నాను. మూలంతో పోల్చితే ‘శుభ్రమైన’ ఎగిరిపోయింది. మంచినీళ్లంటే మనకు తాగే నీళ్లు, అవి శుభ్రమైనవని ఏమీ లేదు.

అందుకే పోల్చేటప్పుడు అంకెలన్నీ ఒక్కొక్కటిగా టిక్కు పెట్టండి: ఒకటి, ఒక లీటరు, 24, రెండు, 50-100, పది. ఆ తర్వాత ‘కాదు’, ‘వద్దు’, ‘తప్ప’, ‘వరకు’, ‘లోపు’ ఉన్న చోట్లు మూలంతో సరిచూడండి. ప్రాణం మీదకు తెచ్చే తప్పులు వీటిలోనే ఉంటాయి. 50 మి.లీ. అంటే ఎన్ని చెంచాలో తల్లికి తెలియదు కదా అనిపిస్తే ఆ లెక్క మీరు కట్టకండి. రాయించిన డాక్టరును అడగండి.

7. ఆ మనిషికి చదివి వినిపించండి

“అర్థమైందా పిన్నీ?” అని అడగొద్దు. అందరూ అర్థమైందనే అంటారు. పని అడగండి. “పొద్దున ఎనిమిదింటికి కలిపావు, రేపు పదింటికి సగం మిగిలింది. ఏం చేస్తావు?” “పట్టగానే పిల్లాడు కక్కేశాడు. ఇప్పుడు?” జవాబు తప్పితే పిన్ని తప్పు కాదు, వాక్యం తప్పు. ఆమె తన మాటల్లో తిరిగి చెప్పేటప్పుడు వినండి. మీరు రాసినదానికన్నా మంచి మాట దొరికితే అది తీసేసుకోండి. పై కరపత్రంలో ‘పారబోయండి’ అలా వచ్చిందే. నేను ‘పారేయండి’ అని రాస్తే, “నీళ్లు పారేస్తారా, పారబోస్తారు గానీ” అందావిడ.

దిద్దకూడనివి

దిద్దడం అలవాటయ్యాక చెయ్యి ఆగదు. ఇంగ్లిష్ నుంచి వచ్చిన ప్రతిదీ తప్పు కాదు. నల్లధనం, శ్వేతపత్రం పదానికి పదం పెట్టినవే, అయినా ఇప్పుడు మనవే. అదే దారిలో వెళ్లి ఉంటే చల్లని యుద్ధం కూడా వచ్చేది. ఎవరో ఆగి, సంగతేమిటని ఆలోచించి ‘ప్రచ్ఛన్న యుద్ధం’ అన్నారు. ఏది అతికింది, ఏది అతకలేదు అన్నది సూత్రంతో తేలదు. వాడుకలో ఉందా లేదా అన్నదే చూడాలి.

పదాలను అచ్చ తెలుగు చేయాలన్న ఉబలాటం ఇంకో తప్పు. ఫోను, షుగర్, డాక్టరు, ప్యాకెట్ అలాగే ఉండనివ్వండి. “దూరవాణి ద్వారా సంప్రదించబడగలరు” అన్న వాక్యంలో ఒక్క ఇంగ్లిష్ పదమూ లేదు, తెలుగు వాక్యమూ లేదు. “ఫోన్ చేయండి” అంటే సరిపోయేది.